"తలమీద నిప్పులు కుప్పగా పోయుదువు": మాట ఉంచాలా, భావం రాయాలా?

పాతకొత్త
నలుగురం కలిసి పౌలు రోమీయులకు రాసిన పత్రికను వాడుక తెలుగులోకి తెస్తున్నాం. 12వ అధ్యాయం 20వ వచనం దగ్గర మూడు వారాలుగా ఆగిపోయాం. శత్రువు ఆకలిగా ఉంటే భోజనం పెట్టు, దాహంగా ఉంటే నీళ్లివ్వు, అలా చేస్తే "అతని తలమీద నిప్పులు కుప్పగా పోయుదువు" అని పాత అనువాదం. మొదటి ప్రతిలో నేను దాన్నే కాస్త వాడుకలోకి మార్చి "అతని తలమీద నిప్పులు కుప్పగా పోస్తావు" అని రాశాను.

బైబిల్ ఎప్పుడూ చదవని ఒకావిడకు వినిపించి, "ఇక్కడ శత్రువుకి ఏం జరుగుతోంది?" అని అడిగాను. "ఏముంది, అన్నం పెట్టి మరీ వాణ్ణి సర్వనాశనం చేయమంటున్నాడు" అంది ఆవిడ. కింది వచనమేమో మేలు చేసి కీడును జయించమంటుంది. రెండూ ఎలా పొసుగుతాయో ఆవిడకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు.

జట్టులో ఇద్దరు "సిగ్గుపడేలా చేస్తావు" అని రాసేద్దాం అంటున్నారు. ఒకరు అక్షరం కూడా కదపొద్దంటున్నారు. నేను మధ్యలో ఉన్నాను. మీరైతే ఏం చేస్తారు?

అక్షరాలబాట
కదపొద్దు. మూలంలో నిప్పులుంటే తెలుగులోనూ నిప్పులే ఉండాలి. అర్థం చెప్పడానికి బోధకులున్నారు, వ్యాఖ్యానాలున్నాయి. అనువాదకుడు వ్యాఖ్యాత అయిపోతే చదివేవాడికి ఇక మూలం ఎక్కడ దొరుకుతుంది?

నాలుగోవరుస
ఇందులో అంత కష్టం ఏముంది? పూర్వం ఇంట్లో నిప్పు ఆరిపోతే పక్కింటికి వెళ్లి కుండలో నిప్పులు అడిగి తలమీద పెట్టుకుని తెచ్చుకునేవాళ్లు. శత్రువుకి కూడా కుండ నిండా నిప్పులిచ్చి పంపు, అంటే దయ చూపించు అని దాని అర్థం. నేను చాలాసార్లు విన్నాను. ఆ ఆచారాన్ని అడుగున ఒక వాక్యంలో రాస్తే సరిపోతుంది.

సామెతలసంచి
తెలుగులో దీనికి జోడీ లేదని ఎవరన్నారు? "అపకారికి నుపకారము నెపమెన్నక చేయువాడు నేర్పరి సుమతీ" ఉంది కదా. అచ్చంగా ఇదే మాట. చిన్న పిల్లలకు కూడా తెలిసిన పద్యం. దాని ఛాయలో రాస్తే వినగానే మనసుకు పడుతుంది.

పాతకొత్త
@నాలుగోవరుస ఆ కుండ సంగతి నేనూ విన్నాను. కానీ ఏ పాత గ్రంథంలో ఉందో ఎవరూ చూపించలేదు. ఎవరికైనా తెలుసా?

గవ్వలపేరు
హీబ్రూ ఆరేళ్లుగా చదువుతున్నాను, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

కుండ కథ బోధల్లో బాగా తిరుగుతుంది గానీ, అలాంటి ఆచారాన్ని ఈ నుడికారంతో ముడిపెట్టే ప్రాచీన ఆధారం నాకు ఎక్కడా కనబడలేదు. బైబిల్లోనే చూస్తే, మనిషి మీద నిప్పులు పడటం ఇంకొక చోట సూటిగా శిక్షే. 140వ కీర్తన 10వ వచనంలో శత్రువుల మీద నిప్పులు పడాలని ప్రార్థన ఉంది. అక్కడ దయ అనే ఊహకే చోటు లేదు.

పౌలు ఈ మాట సొంతంగా రాయలేదు, సామెతలు 25:21-22 నుంచి తీసుకున్నాడు. హీబ్రూలో అక్కడున్న క్రియ "హాతా". అది మామూలుగా పొయ్యిలోంచి నిప్పు తీయడానికి వాడే మాట. యెషయా 30:14లో పొయ్యిలోంచి నిప్పు తీయడానికి పనికొచ్చే పెంకు ముక్క కూడా మిగలదన్న చోట ఇదే క్రియ. సామెతలు 6:27లో ఒడిలో నిప్పు పెట్టుకోవడం గురించిన మాటలోనూ ఇదే. కాబట్టి హీబ్రూలో ఉన్నది "నిప్పులు తీసి అతని తలమీద పెడుతున్నావు" అన్నట్టు ఉంటుంది. "కుప్పగా పోయడం" గ్రీకు అనువాదం సెప్టువజింతులో వచ్చింది, పౌలు దాన్నే ఎత్తి రాశాడు. అంటే మనం "మూలంలో ఉన్నదున్నట్టు" అంటున్న మాటే, అప్పటికే ఒక అనువాదకుడు తన భాషకు సరిపడేలా సర్దుకున్న మాట.

అక్షరాలబాట
@గవ్వలపేరు అయితే ఇంకా మంచిది. పౌలు రాసింది గ్రీకు. మీరు అనువదించేది పౌలుని. అక్కడ కుప్ప ఉంది, నిప్పు ఉంది, తల ఉంది. మూడూ ఉంచండి.

మౌనశ్రోత
నేను అనువాదకురాలిని కాను, కానీ ఈ వచనం మా ఇంట్లో పెట్టిన బాధ చెప్పాలి. మా పెద్దన్నయ్య, చిన్నన్నయ్య ఆస్తి గొడవతో తొమ్మిదేళ్లు మాట్లాడుకోలేదు. చిన్నన్నయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు పెద్దన్నయ్య రోజూ భోజనం తీసుకెళ్లాడు. ఇద్దరూ మళ్లీ దగ్గరయ్యారు. తర్వాత ఒక ఆదివారం ప్రార్థనలో ఈ వచనం చదివారు. ఇంటికొచ్చాక చిన్నన్నయ్య ముఖం మాడ్చుకుని, "నా నెత్తిన నిప్పులు పోయడానికేనా అన్నయ్యా రోజూ క్యారేజీ మోసుకొచ్చావు?" అన్నాడు. హాస్యానికి అనలేదు, నిజంగానే అడిగాడు. పెద్దన్నయ్యకి ఏం చెప్పాలో తెలియలేదు. వచనం అర్థం నాకూ తెలియదు. ఆ రోజు నుంచి ఆ మాట వింటే నాకు టెన్షన్.

వెన్నెలచదువు
@మౌనశ్రోత చదువుతుంటే గుండె బరువెక్కింది. వాళ్లిద్దరూ ఇప్పుడు బాగానే ఉన్నారా?

మౌనశ్రోత
@వెన్నెలచదువు ఉన్నారు. మాట్లాడుకుంటున్నారు. ఆ వచనం గురించి మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తాత్పర్యం
మౌనశ్రోత గారి అన్నయ్య అన్న మాటలోనే అసలు చిక్కంతా ఉంది. ఆయన "తలమీద" అనలేదు, "నెత్తిన" అన్నాడు. ఎందుకంటే మనకు నెత్తిన పోసేవి ముందే ఉన్నాయి. ఎవరైనా గొప్ప మేలు చేస్తే "నా నెత్తిన పాలు పోశావు" అంటాం. ఓర్వలేనివాణ్ణి "కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నాడు" అంటాం. పాలు పోస్తే మేలు, నిప్పులు పోస్తే కీడు. ఈ జత తెలుగు చెవిలో ఎంత గట్టిగా ఉందంటే, "అన్నం పెడితే అతని తలమీద నిప్పులు పోస్తావు" అనగానే వినేవాడు అర్థం కోసం ఆగడు. నెత్తిన పాలు పోయాల్సిన చోట నిప్పులు పోశాడని వెంటనే అనేసుకుంటాడు.

తెలుగులో అసలు అర్థమే లేని మాటైతే అక్షరాలా ఉంచడంలో నష్టం తక్కువ. వినేవాడు "ఇదేదో తెలియని మాట" అని ఆగుతాడు, అడుగుతాడు. ఇక్కడ అలా జరగదు. మన మాటలు ముందే ఒక అర్థం మోస్తున్నాయి, అది మూలం అర్థమో కాదో తెలియకుండానే వినేవాడు తీర్పు చేసేస్తాడు. కాబట్టి @అక్షరాలబాట, మాటకు మాట రాసినంత మాత్రాన మీరు వ్యాఖ్యానం నుంచి తప్పించుకోలేదు. "నాశనం చేయడం" అనే వ్యాఖ్యానాన్ని ఎంచుకున్నారు, అంతే.

అక్షరాలబాట
@తాత్పర్యం ఆ పాలు పోయడం సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ మీ మాటలోనే జవాబు ఉంది. "అది మూలం అర్థమో కాదో" అన్నారు. మూలం అర్థం శిక్షే అయితే? గవ్వలపేరు గారు 140వ కీర్తన చూపించారు కదా. రోమా 12:19లో పౌలు "పగ తీర్చడం నా పని, నేనే ప్రతిఫలం ఇస్తాను" అన్న దేవుని మాట ఎత్తి, వెంటనే ఈ వచనం రాశాడు. నువ్వు పగ తీర్చుకోకు, అన్నం పెట్టు, తీర్పు దేవుడు చూసుకుంటాడు అని వరస కుదురుతోంది. పాత వ్యాఖ్యాతల్లో క్రిసోస్తం ఈ వచనంలో శిక్ష ఉందనే తీసుకున్నాడు, కోపంతో రగిలేవాణ్ణి ముందు శాంతింపజేయడానికి పౌలు అలా చెప్పాడని. ఇప్పుడు "సిగ్గుపడతాడు" అని రాసేస్తే ఆ దారి మూసేసినట్టే.

గవ్వలపేరు
అది న్యాయమైన మాట. అదే కాలంలో అగస్టీను మాత్రం ఈ నిప్పుల్ని పశ్చాత్తాపపు మంటగా తీసుకున్నాడు. అంటే వాదన 1,600 ఏళ్ల నాటిది, మనం ఇక్కడ ఒక్క పూటలో తేల్చేది కాదు.

సిగ్గు వైపు రెండు ఆధారాలున్నాయి. ఈజిప్టులో సామెతల గ్రంథాన్ని బాగా పోలిన అమెనెమోపె ఉపదేశం ఉంది. అందులో దుష్టుడికి చేయి అందించి పైకి లేపమని, నీ రొట్టెతో వాడి కడుపు నింపమని, వాడు తృప్తిపడి ఏడుస్తాడని ఉంటుంది. అక్కడ నిప్పులు లేవు, కానీ శత్రువుకి తిండి పెడితే వాడిలో జరిగే మార్పు ఉంది. రెండోది కూడా ఈజిప్టుదే, సెత్నె అనేవాడి కథ. దొంగిలించిన గ్రంథాన్ని తిరిగి ఇవ్వడానికి సెత్నె చేతిలో కర్ర, తలమీద నిప్పుల కుంపటి పెట్టుకుని సమాధికి వెళ్తాడు. తప్పు ఒప్పుకున్నవాడి గుర్తు అది. 1953లో మోరెంజ్ అనే పండితుడు మన నుడికారం ఇలాంటి ఆచారం నుంచే వచ్చిందన్నాడు. అయితే ఆ కథ రాతప్రతి టొలెమీల కాలానిది, సామెతల కంటే చాలా తర్వాతది. అందుకని దాన్నే ఆధారం చేసుకుని "సిగ్గు" అని ఖాయం చేయడానికి నాకు మనసొప్పదు.

నాలుగోవరుస
అంటే తలమీద కుంపటి నిజంగానే ఉంది! నేను విన్నది పూర్తిగా తప్పేం కాదన్నమాట.

గవ్వలపేరు
@నాలుగోవరుస కుంపటి ఉంది, కానీ ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకోవడం కాదు. తప్పు చేసినవాడు మోస్తున్నాడు. ఆ తేడాతోనే అర్థం మొత్తం మారిపోతుంది.

తాత్పర్యం
@సామెతలసంచి మీ పద్యం గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు అది చాలా ఇష్టం, కానీ ఇక్కడ పెట్టలేం. "నెపమెన్నక" అన్న మాట చూడండి. అపకారి తప్పు ఎంచకుండా మేలు చేయమంటుంది, అలా చేసేవాణ్ణి నేర్పరి అంటుంది. కథ మేలు చేసేవాడి దగ్గరే ముగిసిపోయింది. పౌలు వచనంలో కథ శత్రువు తలమీదికి వెళ్లింది. మేలు పొందినవాడికి ఏం అవుతుందో చెప్పడమే ఆ వాక్యం పని. పద్యం ఛాయలో రాస్తే ఆ సగం జారిపోతుంది. పైగా వచనంలో పౌలు ఒక పాత లేఖనాన్ని ఎత్తి చెబుతున్నాడు, దాని జాడ కూడా పోతుంది.

సామెతలసంచి
నాకు రెండూ ఒకటే అనిపించాయి, మీరు చెప్పాక సగం తేడా కనబడుతోంది. అయినా వినేవాడి మనసులో కలిగే ఫలితం ఒకటే అయితే చాలదా? అనువాద సిద్ధాంతాలు రాసిన నైడా 1964లో చెప్పింది అదే కదా, డైనమిక్ ఈక్వివలెన్స్ అంటే మొదటి శ్రోతకు కలిగిన స్పందనే మన శ్రోతకూ కలగాలని.

తాత్పర్యం
@సామెతలసంచి స్పందన ముందు, అర్థం తర్వాత అని ఆయన అనలేదు. ఆ పేరును చాలామంది "ఎలా కావాలంటే అలా రాయొచ్చు" అన్నట్టు వాడేశారు. అందుకే 1986లో డె వార్డ్‌తో కలిసి రాసిన పుస్తకంలో ఆ పేరు వదిలి "ఫంక్షనల్" అన్నాడు. ఇక్కడ ఇంకో కష్టం ఉంది. మొదటి శ్రోతకు ఏ స్పందన కలిగిందో మనకే ఖాయంగా తెలియదు. తెలియనిదానికి సమానం ఎలా తెస్తాం?

వెన్నెలచదువు
జట్టులో ఇద్దరు సూచించిన "సిగ్గు" వాక్యాన్ని కూడా ఎవరికైనా వినిపించారా? దానిలోనూ గొయ్యి ఉంటుందని నా అనుమానం.

పాతకొత్త
@వెన్నెలచదువు ఇంకా లేదు. మూడు వాక్యాలు రాసి ఒక్కొక్కటి ఇద్దరికి చొప్పున ఆరుగురికి వినిపిస్తాను. మొదటిది నాది. రెండోది "అతడు సిగ్గుతో రగిలిపోతాడు", నిప్పు కాస్తయినా ఉంటుందని. మూడోది "తను చేసినదానికి తానే సిగ్గుపడతాడు".

గవ్వలపేరు
"అర్థమైందా?" అని అడగకండి, అందరూ అయిందనే అంటారు. శత్రువు ఆ రాత్రి ఇంటికెళ్లి ఏం చేస్తాడు అని అడగండి. తర్వాత, భోజనం పెట్టినవాడు ఎందుకు పెట్టాడు అని. ఈ రెండు జవాబుల్లోనే వాళ్లకు చేరిన అర్థం బయటపడుతుంది. 19 నుంచి 21 వరకు కలిపి చదవండి, ఒక్క వచనం తుంచి చదవొద్దు.

అక్షరాలబాట
నా తరఫున నాలుగోది కూడా చేర్చండి. నిప్పులు ఉంచి, అడుగున ఒక చిన్న వివరణ.

పాతకొత్త
పది రోజులు పట్టింది. ఫలితం ఇదీ.

మొదటి వాక్యం విన్న ఇద్దరూ మేలు చేయడం ఒక ఎత్తుగడ అన్నారు. ఒకాయన "దేవుడు కాల్చేస్తాడు, మనం కాల్చక్కర్లేదు" అన్నాడు. అంటే ఆయనకు 19వ వచనంతో సంబంధం దొరికింది, అక్షరాలబాట గారు చెప్పిన వరసే అది.

రెండో వాక్యం నన్ను ఆశ్చర్యపరిచింది. "శత్రువు ఇంటికెళ్లి ఏం చేస్తాడు?" అంటే ఒకామె తడుముకోకుండా "ఎలా దెబ్బ తీయాలా అని ఆలోచిస్తాడు" అంది. రగిలిపోవడం అంటే మనకు కోపం, పగ. పక్కన "సిగ్గుతో" అని ఉన్నా ఆమె దాన్ని "అవమానంతో" అనే విన్నది. నలుగురిలో అన్నం పెట్టి అవమానించారని అర్థం చేసుకుంది. వచనం ఆపాలనుకున్న పగ నా వాక్యంలో మళ్లీ పుట్టింది.

మూడోది ఇద్దరికీ తేలిగ్గా అర్థమైంది. ఇంటికెళ్లి నిద్రపట్టక పడుకుంటాడు, పొద్దున్నే వచ్చి క్షమించమంటాడు అన్నారు. కానీ ఒకాయన అన్న మాట నాకు గుచ్చుకుంది. "ఇంత మామూలు మాటని లేఖనంలో రాయబడి ఉంది అన్నట్టు చెప్పడం ఎందుకు?" అన్నాడు. ఆ వాక్యంలో పదును పోయింది.

నాలుగోదాన్ని ఇంకో ఇద్దరికి పుస్తకం చేతికిచ్చి చూపించాను. ఒకరు వివరణ చదివారు, ఇంకొకరు చదవలేదు. చదవనివారి జవాబు మొదటి వాక్యం విన్నవారి లాగే ఉంది. గట్టిగా చదివి వినిపించినప్పుడైతే అడుగున ఉన్నది ఎవరికీ వినబడదు కదా.

వెన్నెలచదువు
"రగిలిపోవడం" దగ్గరే నాకు అనుమానం వచ్చింది. "కుమిలిపోతాడు" అని చూశారా? అది లోపలికి తిరిగే మంట. కుమిలేవాడు ఎదుటివాడి మీదికి వెళ్లడు.

తాత్పర్యం
"కుమిలిపోవడం" మంచి మాట, కానీ బాధితుడు కూడా కుమిలిపోతాడు. తప్పు చేసిన స్పృహ పక్కన రాయాల్సిందే. పోలికగా పెడితే? "నిప్పులు తలమీద పెట్టినట్టు, తను చేసిన తప్పు అతన్ని కాలుస్తుంది." ఇందులో నిప్పు ఉంది, తల ఉంది. కాల్చేది మాత్రం మేలు చేసినవాడు కాదు, అతని తప్పే. "పోస్తావు" బదులు "పెట్టినట్టు" అంటే పాలు పోసే నుడికారం కూడా దూరమవుతుంది. గవ్వలపేరు గారు చెప్పిన హీబ్రూ క్రియకు కూడా కాస్త దగ్గర.

అక్షరాలబాట
దీన్ని నేను సగం ఒప్పుకుంటాను. నిప్పు మిగిలింది. కానీ మూలంలో "నువ్వు" చేస్తున్నావు. మీ వాక్యంలో "నువ్వు" మాయమైంది. మేలు చేసే చేతే ఆ నిప్పు పెడుతోందన్నది వచనంలోని విచిత్రం, దాని బలం కూడా అదే.

గవ్వలపేరు
@అక్షరాలబాట అవును, అది పెద్ద నష్టమే. సామెతల్లో ఆ "నువ్వు" విడి మాటగానే ఉంది. అక్కడి క్రియారూపం ఎవరు చేస్తున్నారో చెప్పదు, అందుకని "అత్తా", అంటే "నువ్వు", అని విడిగా రాశారు.

పాతకొత్త
అయితే ఇలా రాస్తే? "అలా చేస్తే అతని తలమీద నువ్వే నిప్పులు పెట్టినట్టు, తను చేసిన తప్పు అతన్ని కాలుస్తుంది." రేపు ఇంకో ఇద్దరికి వినిపిస్తాను. ఒక్క సంగతి మాత్రం ఇంకా తేలలేదు. సామెతలు 25:22 చివర "యెహోవా అందుకు నీకు ప్రతిఫలమిచ్చును" అని ఉంది, పౌలు ఆ ముక్క వదిలేశాడు. సామెతలు అనువదించేటప్పుడు ఇదే వాక్యం వాడాలా? అక్కడ శత్రువు పశ్చాత్తాపపడినా పడకపోయినా ప్రతిఫలం వస్తుంది కదా.

అక్షరాలబాట
అందుకే సామెతల్లో నిప్పుల్ని అలాగే ఉంచండి అంటాను. అక్కడ పద్యం, వినేవాడు కాసేపు ఆగి ఆలోచిస్తాడు. పౌలు పత్రికలో అలా ఆగడానికి తీరిక ఉండదు.

తాత్పర్యం
అలా చేస్తే రోమా చదివేవాడికి ఇది సామెతల్లోని మాటేనని తెలియకుండా పోతుంది. రెండు చోట్లా కనీసం "తలమీద నిప్పులు" అనే రెండు మాటలు ఒకే రకంగా ఉండాలి. మిగతాది వేరుగా ఉన్నా ఫర్వాలేదు.

మౌనశ్రోత
పాతకొత్త గారూ, ఆ కొత్త వాక్యాన్ని మా చిన్నన్నయ్యకి చదివి వినిపించాను. ఎక్కడిదో చెప్పలేదు. కాసేపు ఊరుకుని, "అవును, ఆసుపత్రిలో ఆ రోజులన్నీ అలాగే ఉండేది" అన్నాడు. తర్వాత, "కానీ అన్నయ్య పెట్టలేదే నిప్పులు, నాలో ఉన్నవే" అన్నాడు. "నువ్వే" అన్న మాట ఆయనకు నచ్చలేదు.

పాతకొత్త
@మౌనశ్రోత రాసుకున్నాను. "నువ్వే" ఉన్నది ఒకటి, లేనిది ఒకటి, రెండూ రేపు పట్టుకెళ్తాను.